వృద్ధాప్య పింఛను: అందరికా? ఎంపిక చేసిన వారికా? - వ్యయం, విస్తృతి, న్యాయంపై వాదనలు
(ప్రత్యేక వ్యాసం)

వృద్ధాప్యంలో పౌరులకు ప్రభుత్వ సహాయం అందేలా రాజ్యం తగిన ఏర్పాట్లు చేయాలని భారత రాజ్యాంగంలోని 41వ అధికరణం నిర్దేశిస్తున్నది. అయితే ఆ ఏర్పాట్లు రాజ్యం యొక్క ఆర్థిక సామర్థ్యానికి లోబడి ఉండాలని కూడా అదే అధికరణం పేర్కొన్నది. సహాయం చేయవలసిన బాధ్యత, ఆర్థిక సామర్థ్యపు పరిమితి అనే ఈ రెండింటి నడుమనే పింఛను చర్చ అంతా సాగుతున్నది. నిర్ణీత వయస్సు దాటిన ప్రతి ఒక్కరికీ ఇచ్చే దానిని సార్వత్రిక పింఛను అనీ, పేదరికాన్ని నిర్ధారించి ఎంపిక చేసిన వారికి మాత్రమే ఇచ్చే దానిని లక్షిత పింఛను అనీ వ్యవహరిస్తున్నారు. ఈ రెండు విధానాల మధ్య తేడా ఎంత, దాని భారం ఎవరిపై పడుతుంది అనే అంశాలను రాష్ట్ర అనుభవం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జాతీయ పథకం: పరిమిత సంఖ్య, పెరగని మొత్తం

కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందులో భాగంగా 65 ఏళ్లు నిండిన నిరాధార వృద్ధులకు నెలకు 75 రూపాయల కేంద్ర సహాయం మంజూరైంది. 2006లో ఈ మొత్తాన్ని 200 రూపాయలకు పెంచారు. 2007 నవంబరులో పథకానికి ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం అని పేరు మార్చి, నిరాధారులు అన్న నిబంధన స్థానంలో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు చెందిన వారు అన్న నిబంధనను ప్రవేశపెట్టారు. 2011లో అర్హత వయస్సును 60కి తగ్గించి, 80 ఏళ్లు దాటిన వారికి 500 రూపాయలు నిర్ణయించారు. 60 నుంచి 79 ఏళ్ల వారికి ఇచ్చే కేంద్ర వాటా మాత్రం ఆ తరువాత కూడా 200 రూపాయల వద్దనే నిలిచిపోయింది.

ఈ పథకం కింద దేశవ్యాప్తంగా సుమారు 2 కోట్ల 21 లక్షల మందికి మాత్రమే కేంద్ర సహాయం లభిస్తున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 60 ఏళ్లు దాటిన వారు 10 కోట్ల 38 లక్షల మంది. అంటే ఆనాటి వృద్ధుల సంఖ్యతో పోల్చినా ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికే ఈ సహాయం చేరుతున్నది. రాష్ట్రానికి కేటాయించిన సంఖ్య నిండిన తరువాత అర్హులు ఎందరున్నా కేంద్ర వాటా రాదు. అదనపు లబ్ధిదారుల వ్యయాన్ని పూర్తిగా రాష్ట్రమే భరించవలసి ఉంటుంది.

వ్యయం విషయంలో తరచుగా వినిపించే రెండు అంకెలను ఇక్కడ పక్కపక్కన ఉంచి చూడవలసి ఉన్నది. 2011 నాటి వృద్ధులందరికీ నెలకు 200 రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి సుమారు 24,900 కోట్ల రూపాయలు అవసరమవుతాయి. అదే సంఖ్యకు నెలకు 4,000 రూపాయల చొప్పున ఇస్తే దాదాపు 4 లక్షల 98 వేల కోట్లు అవసరమవుతాయి. 2024-25లో జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొత్తానికి, అంటే వితంతు, వికలాంగ పింఛన్లతో సహా, కేంద్ర బడ్జెట్‌లో కేటాయించినది 9,652 కోట్లు. సార్వత్రిక పింఛను సాధ్యమని చెప్పేవారు మొదటి లెక్కను, అసాధ్యమని చెప్పేవారు రెండవ లెక్కను ప్రస్తావించడం కద్దు. మొత్తాన్ని ముందుగా నిర్ణయించకుండా సాధ్యాసాధ్యాలను చర్చించడం వలన ప్రయోజనం లేదని దీనివలన స్పష్టమవుతున్నది.

రాష్ట్రంలో అమలు: పేరుకు లక్షితం, పరిధి విస్తృతం

ఆంధ్రప్రదేశ్‌లో 2006లో నెలకు 200 రూపాయలుగా ఉన్న వృద్ధాప్య పింఛను 2014 అక్టోబరులో 1,000 రూపాయలకు, 2019 జనవరిలో 2,000 రూపాయలకు పెరిగింది. 2019లోనే 2,250 రూపాయలుగా మారి, అర్హత వయస్సు 65 నుంచి 60కి తగ్గింది. అనంతరం దశలవారీగా 3,000 రూపాయలకు చేరిన పింఛను 2024 జూలైలో 4,000 రూపాయలైంది. జాతీయ పథకం పరిధిలోకి వచ్చే 60 నుంచి 79 ఏళ్ల లబ్ధిదారుకు ఇచ్చే 4,000 రూపాయలలో కేంద్ర వాటా 200 కాగా, మిగిలిన 3,800 రూపాయలు రాష్ట్ర ఖజానా నుంచి చెల్లించవలసి ఉంటుంది.

నియమావళిని బట్టి ఇది లక్షిత పింఛనే. 2019 చివరలో నిర్దేశించిన అర్హతల ప్రకారం కుటుంబ నెలసరి ఆదాయం గ్రామాలలో 10,000 రూపాయలు, పట్టణాలలో 12,000 రూపాయలు మించరాదు. కుటుంబానికి మూడు ఎకరాలకు మించి మాగాణి గాని, పది ఎకరాలకు మించి మెట్ట గాని, రెండూ కలిపి పది ఎకరాలకు మించి గాని ఉండరాదు. నెలవారీ విద్యుత్ వినియోగం 300 యూనిట్లకు లోబడి ఉండాలి. టాక్సీ, ఆటో, ట్రాక్టరు మినహా నాలుగు చక్రాల వాహనం ఉండరాదు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పింఛనుదారు, ఆదాయపు పన్ను చెల్లించేవారు ఉండరాదు. పట్టణాలలో వెయ్యి చదరపు అడుగులకు మించిన సొంత నిర్మాణం ఉండరాదు. వికలాంగులు మొదలైన కొన్ని మినహాయింపులు తప్ప కుటుంబానికి ఒక పింఛను అన్నది సాధారణ నియమం.

ఈ జాబితాను నిశితంగా పరిశీలిస్తే ఒక విషయం తెలుస్తుంది. పేదలెవరో వెతికి పట్టుకోవడం కంటే, స్థితిమంతులెవరో గుర్తించి తొలగించడమే దీని పద్ధతి. భూమి, వాహనం, విద్యుత్ మీటరు, జీతం, పన్ను వంటివి ప్రభుత్వ రికార్డులలో కనిపించే అంశాలు. వాటితో సరిపోల్చి తొలగించగా మిగిలినవారు అర్హులవుతారు. అందుచేత రాష్ట్ర పింఛను పేరుకు లక్షితమైనా, జాతీయ పథకం కంటే చాలా విస్తృతమైనది.

లక్షిత పథకాలు కాలక్రమంలో నిర్లక్ష్యానికి గురవుతాయనీ, పేదలకు మాత్రమే పరిమితమైన పథకానికి గట్టిగా అడిగేవారు ఉండరనీ సార్వత్రికవాదులు చెబుతారు. 200 రూపాయల వద్ద నిలిచిపోయిన కేంద్ర వాటా ఈ వాదనకు బలం చేకూరుస్తున్నది. అదే కాలంలో రాష్ట్ర పింఛను 200 నుంచి 4,000 రూపాయలకు పెరగడం మాత్రం ఆ వాదనకు ఒక సవరణను సూచిస్తున్నది. పథకం అక్షరాలా సార్వత్రికం కానవసరం లేదు. ప్రతి వీధిలోనూ లబ్ధిదారులు ఉండేంత విస్తృతంగా ఉన్నప్పుడు దాని మొత్తం ఎన్నికల చర్చలోకి వస్తుంది.

వృద్ధుని అర్హత, కొడుకు కరెంటు బిల్లు

లక్షిత విధానంలోని ప్రధానమైన చిక్కు కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకోవడంలో ఉన్నది. ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. ఒక గ్రామంలో 66 ఏళ్ల వ్యవసాయ కూలీ, 62 ఏళ్ల అతని భార్య ఉన్నారని అనుకుందాం. వారికి భూమి లేదు. వారి పెద్ద కుమారునికి ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు ఉద్యోగం వచ్చింది. తల్లిదండ్రుల పేర్లు అతని కార్డులోనే ఉంటే, ప్రభుత్వ ఉద్యోగి ఉన్న కుటుంబంగా పరిగణించి ఇద్దరి దరఖాస్తులూ తిరస్కరణకు గురవుతాయి. కుమారుడు నెలనెలా తల్లిదండ్రుల చేతికి డబ్బు ఇస్తున్నాడా లేదా అన్నది ఏ రికార్డులోనూ నమోదు కాదు. అదే దంపతులు వేరు కార్డు పొందితే అర్హులవుతారు. వారి జీవన పరిస్థితిలో ఏ మార్పూ లేకపోయినా, కార్డు విభజన ఒక్కటే వారి అర్హతను నిర్ణయిస్తుంది.

వేరు కార్డు వచ్చిన తరువాత కూడా కుటుంబానికి ఒక పింఛను అనే నియమం కారణంగా భర్తకు పింఛను మంజూరైతే భార్యకు రాదు. సాధారణంగా భర్త వయస్సులో పెద్దవాడు కావడం వలన మొదట అర్హత పొందేది, డబ్బు చేతికి అందుకునేది అతడే అవుతాడు. భార్యకు ఆ డబ్బుపై ఎంత అధికారం ఉంటుందన్నది ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. సార్వత్రిక పింఛను వ్యక్తికి చెందుతుంది గాని కుటుంబానికి కాదు. వృద్ధ మహిళల విషయంలో దీనికి ఎక్కువ ప్రాధాన్యం ఉన్నదని సార్వత్రికవాదులు పేర్కొంటున్నారు.

దీనికి ప్రతివాదన కూడా బలమైనదే. పది ఎకరాల మాగాణి, ఇద్దరు ఉద్యోగస్తులైన కుమారులు ఉన్న ఇంటిలోని వృద్ధునికీ, పూరిగుడిసెలో ఒంటరిగా ఉన్న వితంతువుకూ ఒకే మొత్తం ఇవ్వడం సమానత్వమే గాని న్యాయం కాదని లక్షిత విధానాన్ని సమర్థించేవారు అంటారు. మొదటి ఇంటికి ఇచ్చే డబ్బుతో రెండవ ఇంటి పింఛనును పెంచవచ్చునని వారి అభిప్రాయం.

ఒక గ్రామం లెక్క

ఈ రెండు వాదనలను అంకెలలో చూడడానికి 500 మంది వృద్ధులున్న ఒక గ్రామాన్ని ఊహించుకుందాం. వారిలో ప్రభుత్వ పింఛనుదారులు, పన్ను చెల్లించే కుటుంబాల వారు కలిసి 60 మంది. నిబంధనల ప్రకారం నిస్సందేహంగా పేదలు 350 మంది. మిగిలిన 90 మంది ఈ రెండింటికీ మధ్యన ఉన్నవారు. ఇవి లెక్క కోసం తీసుకున్న సంఖ్యలు మాత్రమే.

నెలకు 4,000 రూపాయల చొప్పున 350 మందికి ఇస్తే 14 లక్షలు అవుతుంది. 500 మందికీ ఇస్తే 20 లక్షలు. స్థితిమంతులైన 60 మందిని మాత్రమే తొలగించి 440 మందికి ఇస్తే 17 లక్షల 60 వేలు. ఏడాదికి చూస్తే లక్షిత విధానానికి 1 కోటి 68 లక్షలు, సార్వత్రిక విధానానికి 2 కోట్ల 40 లక్షలు, మధ్యేమార్గానికి 2 కోట్ల 11 లక్షల 20 వేలు అవసరం. ఖజానాలో 14 లక్షలే ఉన్నాయనుకుంటే, ఆ మొత్తాన్ని 500 మందికి పంచితే తలకు 2,800 రూపాయలు, 440 మందికి పంచితే సుమారు 3,180 రూపాయలు వస్తాయి. అంటే అదే డబ్బుతో అందరికీ ఇవ్వాలంటే నిరుపేద వృద్ధురాలి పింఛనులో 1,200 రూపాయలు తగ్గించవలసి వస్తుంది. లక్షిత విధానాన్ని సమర్థించేవారి ప్రధాన ఆధారం ఇదే.

అయితే ఈ లెక్క ఎంపిక దోషరహితంగా జరుగుతుందన్న భావనపై ఆధారపడి ఉన్నది. మంజూరైన 350 పింఛన్లలో పదింట ఒకటి అనర్హులకు వెళ్లిందని అనుకుందాం. 35 మంది అనర్హులు చేరడంతో 35 మంది అర్హులు బయట మిగిలిపోతారు. అనర్హులకు చెల్లింపు వలన ప్రభుత్వానికి నెలకు 1 లక్షా 40 వేల రూపాయల నష్టం. ఆ నష్టం ఖజానాలో కలిసిపోతుంది. బయట మిగిలిన ఒక్కొక్కరి నష్టం ఏడాదికి 48,000 రూపాయలు. వారిలో కొందరికి అది దాదాపు మొత్తం ఆదాయం కావచ్చు. మొదటి లోపాన్ని తనిఖీలలో కనుగొనవచ్చు. రెండవది జాబితాలో కనిపించదు, ఎందుకంటే మిగిలిపోయినవారి పేరు జాబితాలోనే ఉండదు.

ఇటువంటి దోషం ఊహాజనితం కాదు. 2004-05 జాతీయ నమూనా సర్వే వివరాల ప్రకారం గ్రామీణ పేద కుటుంబాలలో దాదాపు సగం మందికి దారిద్ర్యరేఖకు దిగువ కుటుంబాల కార్డు లేదని ఆర్థికవేత్తల విశ్లేషణలో తేలింది. ఆ కార్డును ఆధారం చేసుకుని నడిచే పింఛను పథకానికి కూడా అదే లోపం సంక్రమిస్తుంది. ఈ నేపథ్యంలోనే అరుణా రాయ్, బాబా ఆఢవ్ నాయకత్వంలోని పెన్షన్ పరిషత్ 2012లో ఢిల్లీలోని జంతర్ మంతర్ వద్ద ధర్నా నిర్వహించి, కనీస వేతనంలో సగానికి తగ్గని సార్వత్రిక పింఛనును కోరింది.

మారిషస్ అనుభవం

ఒకే దేశం రెండు విధానాలనూ మార్చి మార్చి పరీక్షించిన సందర్భం మారిషస్‌లో ఉన్నది. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి వలస వెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ నివసిస్తున్న దేశమది. అక్కడ 1950లో ఆదాయ పరీక్షతో వృద్ధాప్య పింఛను మొదలైంది. 1958లో ఆ పరీక్షను తొలగించి సార్వత్రికం చేశారు. 1965లో ఆదాయ పరీక్ష తిరిగి వచ్చింది, 1976లో మళ్లీ రద్దయింది. 2004లో అధికాదాయ వర్గాలను మినహాయించే ప్రయత్నం జరిగింది. మరుసటి ఏడాది ఎన్నికలలో అది వివాదాంశమై, ప్రభుత్వం మారిన తరువాత 2005లో పింఛను తిరిగి అందరికీ వర్తించింది.

ఒకసారి అందరికీ ఇచ్చిన దానిని కొందరి నుంచి వెనక్కు తీసుకోవడం ఎంత కష్టమో ఈ చరిత్ర తెలుపుతున్నది. ఇందులో రెండవ పాఠం కూడా ఉన్నది. వృద్ధుల సంఖ్య పెరగడంతో వ్యయం భారమై, 2025 జూన్ బడ్జెట్‌లో అర్హత వయస్సును 60 నుంచి 65కు దశలవారీగా పెంచే ప్రతిపాదనను అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. దానిపై నిరసనలు వ్యక్తమయ్యాయి. ఆదాయం ప్రకారం తలుపు మూయలేని దేశం వయస్సు ప్రకారం దానిని కొంత మూయవలసి వచ్చింది.

వయస్సు కూడా ఒక వడపోతే

సార్వత్రిక పింఛనులోనూ ఎంపిక లేకపోలేదు. వయస్సు, నివాసం, జీవించి ఉన్నట్లు ధ్రువీకరణ అనే మూడు పరీక్షలు అక్కడ కూడా తప్పవు. జనన నమోదు లేని తరానికి చెందిన వృద్ధుల విషయంలో ఆధార్‌లో అంచనాగా వేసిన పుట్టిన సంవత్సరం ఒక ఏడాది అటు ఇటు అయితే పింఛను ఏడాది ఆలస్యమవుతుంది. శ్రమతో కూడిన పనులు చేసేవారు త్వరగా శక్తిని కోల్పోతారు, వారి ఆయుర్దాయం కూడా తక్కువగా ఉంటుంది. అందువలన అర్హత వయస్సును పెంచితే వ్యయం తగ్గినా, ఆ భారం ఎక్కువగా పేదలపైనే పడుతుంది. రాష్ట్రంలో గిరిజనులు, చేనేత కార్మికులు, మత్స్యకారులు, గీత కార్మికులకు 50 ఏళ్లకే పింఛను అర్హత కల్పించడం ఈ అసమానతకు ఒక పరిష్కారం. సార్వత్రిక పింఛను అమలులో ఉన్న నేపాల్‌లో కూడా దళితులకు, కర్ణాలీ ప్రాంతవాసులకు ఇతరుల కంటే తక్కువ వయస్సు నిర్ణయించడం జరిగింది.

స్థితిమంతులకు ఇచ్చిన దానిని పన్ను ద్వారా తిరిగి రాబట్టడం మరొక మార్గం. న్యూజిలాండ్‌లో 65 ఏళ్లు దాటిన వారికి ఆదాయ పరీక్ష లేకుండా ఇచ్చే పింఛను పన్ను విధించదగిన ఆదాయంగా లెక్కకు వస్తుంది. అయితే వృద్ధులలో అత్యధికులు ఆదాయపు పన్ను పరిధిలో లేని మన దేశంలో ఈ మార్గం ద్వారా తిరిగి వచ్చే మొత్తం స్వల్పంగానే ఉంటుంది. పన్ను చెల్లించేవారిని ముందుగానే మినహాయించడం ఇక్కడ సులభమైన పద్ధతి.

పరిశీలించవలసిన అంశాలు

పై వివరాలను బట్టి చూస్తే, అందరికా, కొందరికా అన్న ప్రశ్న కంటే ఎవరిని, ఏ రికార్డు ఆధారంగా మినహాయిస్తున్నాం అన్న ప్రశ్న ముఖ్యమైనదని స్పష్టమవుతున్నది. మినహాయింపు జాబితా ఎంత చిన్నదిగా, ఎంత సులభంగా రుజువయ్యేదిగా ఉంటే లక్షిత పింఛను సార్వత్రిక పింఛనుకు అంత దగ్గరవుతుంది, అర్హులు మిగిలిపోయే అవకాశం అంత తగ్గుతుంది. ప్రభుత్వ పింఛను, ఆదాయపు పన్ను వంటి ప్రమాణాలు వృద్ధుని స్వంత స్థితిని తెలుపుతాయి. విద్యుత్ వినియోగం, వాహనం వంటివి తరచుగా అతని కుమారుని స్థితిని తెలుపుతాయి. ఈ రెండు రకాల ప్రమాణాలను ఒకే గాటన కట్టరాదు.

పథకం తీరును మదింపు చేసే అధికారులు, దానిపై వార్తలు రాసే పాత్రికేయులు మంజూరైన పింఛన్ల సంఖ్యతో పాటు మరి మూడు సంఖ్యలను పరిశీలించవలసి ఉన్నది. మొదటిది, మండలంలో అర్హత వయస్సు దాటిన వారి మొత్తం సంఖ్య. రెండవది, తిరస్కరించిన దరఖాస్తులలో ఏ నిబంధన కింద ఎన్ని తిరస్కరణకు గురైనదీ తెలిపే వివరం. మూడవది, అభ్యంతరం తెలిపిన తరువాత పునరుద్ధరించిన పింఛన్ల సంఖ్య. పునరుద్ధరణలు అధికంగా ఉంటే తొలగింపు ప్రమాణంలోనో, రికార్డులోనో లోపం ఉన్నట్లు భావించవచ్చు. ఒకే నిబంధన కింద తిరస్కరణలు పేరుకుపోయి, అభ్యంతరాలే రాని చోట మాత్రం లోపం లేదని భావించరాదు. మిగిలిపోయిన వృద్ధులకు అభ్యంతరం తెలిపే అవకాశం ఉన్నదన్న సంగతి చేరిందో లేదో అటువంటి గ్రామాలలో ఇంటింటికీ వెళ్లి విచారించవలసి ఉంటుంది.